"రావాల్సింది కాదు" వేరు, "రానక్కర్లేకపోయింది" వేరు: జరిగిపోయినదాని గురించి ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి

మా మేనకోడలికి భువనేశ్వర్‌లో ఉద్యోగం వచ్చింది. రాయగడలో హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున్నే దిగేసరికి, ఆఫీసులో పెద్దావిడ స్వయంగా స్టేషన్‌కి వచ్చి నిలబడి ఉంది. పిల్లకి ఒకపక్క సంతోషం, ఒకపక్క మొహమాటం. హాస్టల్లో సామాను దించుకున్నాక, "మీరంత పొద్దున్నే రావాల్సిన అవసరం లేదు మేడమ్, ఆటోలో వచ్చేసేదాన్ని" అని చెబుదామనుకుంది. ఆఫీసు మెసేజ్‌లన్నీ ఇంగ్లిష్‌లోనే కాబట్టి ఇలా పెట్టింది: "మేడమ్, యు షుడ్ నాట్ హ్యావ్ కమ్ టు ద స్టేషన్."

అటునుంచి "ఓకే" అని ఒక్క ముక్క వచ్చింది. ఆ ఒక్క ముక్క చూసి టెన్షన్ పడి నాకు ఫోన్ చేసింది. "మావయ్యా, గ్రామర్ తప్పు రాశానా?"

గ్రామర్ తప్పు లేదు. చిక్కంతా అక్కడే ఉంది. తప్పుంటే ఆవిడ పిల్ల భావాన్ని ఊహించుకుని సర్దుకునేది. వాక్యం శుభ్రంగా ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు చదువుకుంది: "మేడమ్, మీరు స్టేషన్‌కి రావాల్సింది కాదు." అంటే వచ్చి తప్పు చేశారని.

సాయంత్రాలు మా అరుగు మీద కొందరికి ఇంగ్లిష్ చెబుతుంటాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగంలో ఇంగ్లిష్ అన్నట్టు బతికే మా వైపు పిల్లలు టెన్సుల దగ్గర కన్నా ఇక్కడే ఎక్కువ జారుతుంటారు. అయిపోయిన పని గురించి బాధపడాలన్నా, ఎదుటివాణ్ణి ఒక మాట అనాలన్నా షుడ్ హ్యావ్, కుడ్ హ్యావ్, నీడెంట్ హ్యావ్ అనే ఈ మూడూ కావాలి. వాటిలో ఏది ఎక్కడ వాడాలో నేను ఎలా చెబుతానో అదే వరసలో రాస్తున్నాను.

ముందు తెలుగులో అనుకోండి, తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోండి

ఇంగ్లిష్ మాటలు వెతుక్కోకముందే, మీరు చెప్పదలచుకున్నది తెలుగులో మీ నోటికి ఎలా వస్తే అలా అనండి. అన్నాక వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఆ పని జరిగిందా, జరగలేదా?

"నువ్వు నాకు చెప్పాల్సింది" అంటే చెప్పలేదు. "అంత డబ్బు అప్పివ్వాల్సింది కాదు" అంటే ఇచ్చేశారు. "చెప్పొచ్చు కదా" అని పని అయిపోయాక అంటే, వీలుండి కూడా చెప్పలేదు. "అనవసరంగా మోశాను, గొడుగు తేనక్కర్లేకపోయింది" అంటే తెచ్చారు, వాన పడలేదు.

ఇంగ్లిష్‌లో కూడా సరిగ్గా ఇంతే. షుడ్ హ్యావ్ అంటే చేయాల్సింది, చేయలేదు. షుడంట్ హ్యావ్ అంటే చేయకూడనిది, చేశారు. కుడ్ హ్యావ్ అంటే చేసే వీలుంది, చేయలేదు. నీడెంట్ హ్యావ్ అంటే చేశారు, కానీ ఆ పని అనవసరం. కుడ్ హ్యావ్‌కి ఊహ చెప్పే అర్థం కూడా ఒకటి ఉంది, దాని సంగతి తర్వాత. మిగతా చోట్ల, వాక్యంలో కాదని ఉంటే పని జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. ఈ తలకిందుల లెక్క ఒక్కసారి పట్టుబడితే సగం పని అయినట్టే.

ఈ ప్రశ్న వేసుకోకపోతే ఏమవుతుందో ఒకటి చెబుతాను. మా దగ్గరకొచ్చే కుర్రాడొకడు పరుగెత్తి రైలు పట్టుకున్నాడు. ఆ సంతోషంలో "ఐ కుడ్ హ్యావ్ కాట్ ద ట్రైన్" అని రాశాడు. చదివిన స్నేహితుడు "అయ్యో, మరి ఇప్పుడెలా వస్తావు?" అని అడిగాడు. కుడ్ హ్యావ్ అన్నాడు కాబట్టి రైలు తప్పిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. పట్టుకోగలిగాను అని చెప్పాలంటే "ఐ వాజ్ ఏబుల్ టు క్యాచ్" అనాలి, లేదా "ఐ మేనేజ్డ్ టు క్యాచ్" అనాలి.

"వెళ్లాల్సింది"ని "వెళ్లాల్సి వచ్చింది"తో కలపకండి

తెలుగులో ఈ రెండిటికీ తేడా తోకలోనే ఉంది. "నేను పార్వతీపురం వెళ్లాల్సింది" అంటే వెళ్లలేదు, ఇప్పుడు బాధగా ఉంది. "వెళ్లాల్సి వచ్చింది" అంటే ఇష్టం లేకపోయినా వెళ్లాను. మొదటిది "ఐ షుడ్ హ్యావ్ గాన్." రెండోది "ఐ హ్యాడ్ టు గో."

మన పిల్లలు ఈ రెండిటినీ కలిపి "ఐ షుడ్ హ్యావ్ టు గో" అంటారు. వింటే ఇంగ్లిష్‌లాగే ఉంటుంది. కానీ జరిగిపోయినదాన్ని అది చెప్పదు. చేయాల్సింది అనడానికి హ్యావ్ తర్వాత టు రాదు, మూడో రూపం వస్తుంది: గాన్, టోల్డ్, బ్రాట్, టేకెన్, రిటెన్. రెండో రూపం పెట్టి "షుడ్ హ్యావ్ వెంట్" అనడం, "షుడ్ హ్యావ్ కేమ్" అనడం ఇంకో అలవాటు. కమ్‌కి మూడో రూపం మళ్లీ కమ్మే. హి, షి వచ్చినా హ్యావ్ మారి హ్యాజ్ అవదు, "హి షుడ్ హ్యావ్ కమ్" అంతే.

వినేటప్పుడు ఇది "షుడావ్", "కుడావ్" అని ఒకే మాటలా వినిపిస్తుంది. ఆ చివర వినిపించేది ఆఫ్ అనుకుని అలాగే రాసేవాళ్లు ఇంగ్లిష్ ఇంటి భాషగా ఉన్నవాళ్లలో కూడా ఉన్నారు. రాసేటప్పుడు మాత్రం అది ఎప్పుడూ హ్యావే.

ఒడియా బడిలో చదివినవాళ్లకి ఒక ఆసరా ఉంది. "కహిబా ఉచిత" అంటే చెప్పడం మంచిది, "కహిబా ఉచిత థిలా" అంటే చెప్పి ఉండాల్సింది. ఆ థిలా చేసే పనినే ఇంగ్లిష్‌లో హ్యావ్ చేస్తుంది. "యు షుడ్ టెల్" అని రాసి ఆపేస్తే థిలా మింగేసినట్టు. నిన్నటి సంగతి కాస్తా రేపటికి సలహా అయిపోతుంది. ఇలా చెప్పాక మా ఒడియా మీడియం పిల్లలు హ్యావ్‌ని మరిచిపోవడం బాగా తగ్గింది. తెలుగులో "చెప్పాల్సింది" అంతా ఒకే మాట, విడిగా కనిపించే థిలా లేదు, అందుకే మనకి ఆ హ్యావ్ గుర్తుకు రాదు.

కుడ్ హ్యావ్: దెప్పడానికి మెత్తని మాట

షుడ్ హ్యావ్ అంటే అది నీ బాధ్యత, నువ్వు చేయలేదు అని వేలు చూపించడం. కుడ్ హ్యావ్ అంటే వీలుంది కదా, చేస్తే బాగుండేది కదా అనడం. మన "చెప్పొచ్చు కదా"లో ఉన్న ఆ "కదా" చేసే పని అది.

అయితే "చెప్పొచ్చు కదా" అనేదాన్ని తెలుగులో పని జరగకముందూ అంటాం, జరిగాకా అంటాం. వదిన ఊరెళ్తోందని ఆమె వెళ్లిపోయాక తెలిసిన ఆడపడుచు "ఒక మాట చెప్పొచ్చు కదా" అంటుంది. దాన్ని యథాతథంగా "యు కెన్ టెల్ మీ" అని రాస్తే ఇప్పుడైనా చెప్పు అన్నట్టు ఉంటుంది. దెప్పుడు పోయింది. అవకాశం దాటిపోయింది కాబట్టి "యు కుడ్ హ్యావ్ టోల్డ్ మీ" అవ్వాలి. దానికి ఎట్ లీస్ట్ తగిలిస్తే మన "కనీసం" వచ్చేస్తుంది, ఘాటు కూడా పెరుగుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, కుడ్ హ్యావ్‌ని ఊహకి కూడా వాడతారు. "హి కుడ్ హ్యావ్ మిస్డ్ ద బస్" అంటే బస్సు తప్పిపోయి ఉండొచ్చు అని. తెలుగులో "ఉండొచ్చు"కి కూడా ఈ రెండు పనులూ ఉన్నాయి కాబట్టి మనకిది కష్టం కాదు, సందర్భం చూసి పోల్చుకుంటాం. రెండోది అసలు ప్రమాదం. కుడ్ హ్యావ్‌కి నాట్ పెడితే దెప్పుడు పూర్తిగా పోతుంది. "యు కుడంట్ హ్యావ్ టోల్డ్ హిమ్" అంటే "నువ్వు వాడికి చెప్పకుండా ఉండొచ్చు కదా" అని కాదు. "నువ్వు చెప్పి ఉండవు, అది జరిగే పని కాదు" అని ఎదుటివాణ్ణి వెనకేసుకు రావడం. చెప్పినందుకు కోపం ఉంటే "యు షుడంట్ హ్యావ్ టోల్డ్ హిమ్" అనాలి.

నీడెంట్ హ్యావ్: మా మేనకోడలు జారిన చోటు

"రావాల్సిన అవసరం లేకపోయింది" అని తెలుగులో అంటే, ఆ మనిషి వచ్చాడో రాలేదో ఆ వాక్యం ఒక్కటే చెప్పదు. "ఆదివారం కదా, ఆఫీసుకి వెళ్లాల్సిన అవసరం లేకపోయింది, పడుకున్నాను" అంటాం. "అంత దూరం వెళ్లాల్సిన అవసరం లేకపోయింది, అనవసరంగా వెళ్లాను" అనీ అంటాం. ఒడియాలో "ఆసిబా దరకార్ నథిలా" కూడా అంతే. ఇంటి భాషలోనూ బడి భాషలోనూ రెండిటికీ ఒకటే మాట సరిపోతుంటే ఇంగ్లిష్‌లో రెండుంటాయని మనకి ఎలా తోస్తుంది?

ఇంగ్లిష్‌లో, ముఖ్యంగా మన పరీక్షల్లో నడిచే బ్రిటిష్ పద్ధతిలో, వీటిని విడదీస్తారు. పని చేసేశాం, తర్వాత చూస్తే దండగ అని తేలింది అంటే నీడెంట్ హ్యావ్. అవసరం లేకపోయింది అని మాత్రమే చెప్పి, చేశామా లేదా అన్నది వదిలేస్తే డిడ్‌నాట్ నీడ్ టు. "ఐ నీడెంట్ హ్యావ్ కుక్డ్" అంటే వంట అయిపోయింది, చుట్టాలు తినే వచ్చారు, గిన్నెలు నిండుగా ఉన్నాయి. "ఐ డిడ్‌నాట్ నీడ్ టు కుక్" అంటే పెళ్లి భోజనం ఉంది, ఆ రోజు పొయ్యి వెలిగించకపోయి ఉండొచ్చు.

అమెరికా వాళ్లు నీడెంట్ హ్యావ్ పెద్దగా వాడరు. వాళ్లకి రెండు చోట్లా డిడ్‌నాట్ నీడ్ టు, డిడ్‌నాట్ హ్యావ్ టు అనేవే సరిపోతాయి. అందుకని మీ ఆఫీసులో ఎవరైనా వచ్చిన మనిషితోనే "యు డిడ్‌నాట్ హ్యావ్ టు కమ్" అంటే తప్పు పట్టకండి. మీరు రాసేటప్పుడు మాత్రం, పని జరిగిపోయి ఉంటే నీడెంట్ హ్యావ్ రాయండి, ఏ అనుమానమూ మిగలదు. నీడెంట్ తర్వాత కూడా టు రాదు. "నీడెంట్ టు హ్యావ్ కమ్" అని చాలామంది రాస్తారు, నాట్ పక్కన టు లేకపోతే వాళ్లకి ఏదో వెలితిగా ఉంటుంది కాబోలు.

ఇక షుడంట్‌కీ నీడెంట్‌కీ తేడా. షుడంట్ హ్యావ్‌లో తప్పు ఉంది, నీడెంట్ హ్యావ్‌లో శ్రమ ఉంది. "నువ్వు ఆ మందు వేసుకోవాల్సింది కాదు" అంటే వేసుకోవడం వల్ల చెడు జరిగింది, లేదా జరగొచ్చు. "వేసుకోనక్కర్లేకపోయింది" అంటే వేసుకోకపోయినా తగ్గేది. పరీక్ష ఎలా అంటే, మీ తెలుగు వాక్యం ముందు "అనవసరంగా" అని పెట్టి చూడండి. "మీరు అనవసరంగా శ్రమపడి వచ్చారు" అని అతికితే నీడెంట్. "మీరు వచ్చి తప్పు చేశారు" అనేదే మీ ఉద్దేశమైతే షుడంట్.

ఒక మెలిక ఉంది. ఎవరైనా బహుమతి చేతిలో పెడితే, ఇంగ్లిష్ వాళ్లు నవ్వుతూ "ఓ, యు షుడంట్ హ్యావ్!" అంటారు. అది "ఇవన్నీ ఎందుకండీ" అనే మన మొహమాటం లాంటిది, తిట్టు కాదు. కానీ అందులో సగం అర్థం మొహంలోనూ గొంతులోనూ ఉంది. మొహం కనిపించని మెసేజ్‌లో, అదీ కొత్తగా చేరిన పిల్ల పెద్దావిడకి రాసినదాంట్లో, ఆ నవ్వు చేరదు.

మా పిల్లతో సాయంత్రం ఇంకో మెసేజ్ పెట్టించాను. "మేడమ్, యు నీడెంట్ హ్యావ్ కమ్ సో ఎర్లీ, బట్ ఐ వాజ్ సో హ్యాపీ టు సీ యు దేర్." నీడెంట్ హ్యావ్ ఒక్కటే పెడితే ఇది కూడా కొంచెం పొడిగా ఉంటుంది, మీ రాకతో పనిలేదు అన్నట్టు. అందుకే బట్ పెట్టి రెండో ముక్క కలిపించాను. ఈసారి జవాబు రెండు లైన్లు వచ్చింది, చివర దండం బొమ్మ కూడా.

ఒక ఫిర్యాదు మొత్తం రాసి చూద్దాం

ఇది నాదే. మా నాన్నగారిని గుండె డాక్టరుకి చూపించడానికి అపాయింట్‌మెంట్ తీసుకుని, తెల్లవారకముందే కారు మాట్లాడుకుని విశాఖపట్నం వెళ్లాం. కారుకి అయిదు వేలు. తీరా వెళ్తే ఆ రోజు డాక్టరుగారు సెలవు. ఆ సంగతి ఆసుపత్రివాళ్లకి ముందు రోజే తెలుసట. పైగా కౌంటర్లో అమ్మాయి, "పాత రిపోర్టులు ఫోన్లో పంపినా సరిపోయేదండి, ఈసారికి మందులు మార్చేది లేదు" అంది. ఇంటికొచ్చి వాళ్లకి మెయిల్ రాద్దామని కూర్చున్నాను. ముందు తెలుగులో నోటికొచ్చినట్టు అనుకున్నాను:

"డాక్టరు రారని మీరు మాకు చెప్పాల్సింది. కనీసం ఒక మెసేజ్ పెట్టొచ్చు కదా. మేం అంత దూరం రావాల్సిన అవసరమే లేకపోయింది. నేను కూడా బయల్దేరేముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవాల్సింది."

మొదటి వాక్యం. చెప్పారా? లేదు. చెప్పడం వాళ్ల బాధ్యతా? అవును. కాబట్టి "యు షుడ్ హ్యావ్ టోల్డ్ అస్." ఇందులో యు అనగానే వేలు సూటిగా మెయిల్ చదివే ఉద్యోగి మీదికి పోతుంది, ఆమె తప్పేమో మనకి తెలియదు. అందుకని చేసినవాళ్లని దాచేసి "వి షుడ్ హ్యావ్ బీన్ టోల్డ్" అన్నాను. మాకు చెప్పి ఉండాల్సింది అని. ఫిర్యాదు ఎక్కడికీ పోలేదు, వేలు మాత్రం కిందికి దిగింది. ఆఫీసు ఉత్తరాల్లో ఈ రూపం చాలా పనికొస్తుంది. కావాల్సిందల్లా మధ్యలో బీన్ మరచిపోకపోవడమే. అది జారిపోతే "వి షుడ్ హ్యావ్ టోల్డ్" అవుతుంది, చెప్పాల్సింది మేమే అని మన మీదికే వస్తుంది.

రెండో వాక్యం. వీలుందా? ఫోన్ నంబరు వాళ్ల దగ్గరే ఉంది. చేశారా? లేదు. "సమ్‌వన్ కుడ్ హ్యావ్ ఎట్ లీస్ట్ సెంట్ అస్ ఎ మెసేజ్."

మూడోది. వెళ్లామా? వెళ్లాం, అయిదు వేలూ పోయాయి. అనవసరంగా అని పెడితే అతుకుతోందా? బ్రహ్మాండంగా. "వి నీడెంట్ హ్యావ్ కమ్ ఆల్ దట్ వే." ఇక్కడ డిడ్‌నాట్ నీడ్ టు రాస్తే, వెళ్లామన్న సంగతి ఆ వాక్యంలో గట్టిగా నిలవదు. ఫిర్యాదులో ఉండాల్సిందే అది.

నాలుగోది నా మీద నేను వేసుకున్నది. "ఐ షుడ్ హ్యావ్ కాల్డ్ టు కన్ఫర్మ్ బిఫోర్ స్టార్టింగ్." ఐ పెట్టాను కాబట్టి పశ్చాత్తాపం, యు పెడితే ఇదే వాక్యం నింద అయ్యేది. ఇంగ్లిష్‌లో ఈ రెండిటికీ వేరే రూపాలు లేవు, కర్త మారితే చాలు. మా వీధిలో ఒకాయన ఎప్పుడూ ఐ అనాల్సిన చోట వి అంటాడు, తప్పులో ఇంట్లోవాళ్లకి వాటా ఇవ్వడానికి. అదీ గ్రామర్ ప్రకారం సరైనదే.

రాశాక మళ్లీ చదివి నాలుగో వాక్యం కొట్టేశాను. ఫిర్యాదు చేసేవాడు తన తప్పు తానే ఎందుకు ఒప్పుకోవాలి అనిపించింది. మూడు వాక్యాలతో మెయిల్ పంపాను.

మూడో రోజు జవాబు వచ్చింది. మొదట మర్యాదగా ఒక సారీ, మళ్లీ రావడానికి ఒక తేదీ. దాని కింద ఇంకో వాక్యం: "సర్, యు కుడ్ హ్యావ్ కన్ఫర్మ్డ్ ద అపాయింట్‌మెంట్ వన్ డే బిఫోర్." నేను కొట్టేసిన వాక్యమే. వాళ్లు షుడ్ హ్యావ్ అనకుండా కుడ్ హ్యావ్ అన్నారు, కన్ఫర్మ్‌కి ఈడీ కూడా సరిగ్గా పెట్టారు. తప్పు దొరుకుతుందేమోనని రెండుసార్లు చదివాను, దొరకలేదు.